లక్ష వేస్తే ఏడాది తిరిగేసరికి ఎంతవుతుంది?

మా బాబాయి టీచరుగా రిటైరై, వచ్చిన డబ్బులో పది లక్షలు ఎక్కడైనా డిపాజిట్ చేద్దామని రెండు చోట్ల కనుక్కొచ్చాడు. ఒక బ్యాంకు 7.5 శాతం ఇస్తానంది, వడ్డీని మూడు నెలలకోసారి అసలులో కలుపుతుంది. ఇంకో సంస్థ 7.4 శాతమే ఇస్తుంది గానీ నెలనెలా కలుపుతుంది. బాబాయి మనసు రెండో దాని మీదే ఉంది. "నెలనెలా కలిపితే వడ్డీ మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది కదరా. ఏడాదికి నూటికి పది పైసల తేడా దాని ముందు ఎంత?" అన్నాడు.

బ్యాంకులో డిపాజిట్ల కౌంటర్ దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నవాడిని. ఈ మాట ఎంతమంది నోట విన్నానో. విన్న ప్రతిసారీ కాగితం తీసి లెక్క వేసి చూపించాలనే అనిపించేది, కానీ కౌంటర్ ముందు క్యూ ఉంటే అంత తీరిక ఎక్కడిది? బాబాయి దగ్గర తీరిక దొరికింది కాబట్టి ఇద్దరం కూర్చుని లెక్క వేశాం.

ముందు 7.5 శాతం. ఏడాదికి ఏడున్నర అంటే మూడు నెలలకు అందులో నాలుగో వంతు, 1.875 శాతం. పది లక్షల మీద మొదటి మూడు నెలలకు 18,750 రూపాయలు వస్తుంది. అది అసలులో కలిసిపోతుంది కాబట్టి రెండో మూడు నెలలకు 10,18,750 మీద లెక్క కడతారు, 19,102 వస్తుంది. మూడోసారి 19,460. నాలుగోసారి 19,825. పైసలు కూడా చూసుకుని కూడితే ఏడాదికి 77,136 రూపాయలు. అంటే బోర్డు మీద రాసింది 7.5 అయినా చేతికొచ్చేది 7.71 శాతం.

ఇక 7.4. నెలకు 0.6167 శాతం. మొదటి నెల 6,167 రూపాయలు, రెండో నెల 6,205, అలా ప్రతి నెలా కొంచెం కొంచెం పెరుగుతూ పన్నెండు నెలలకు మొత్తం 76,562 అవుతుంది. చేతికొచ్చే రేటు 7.66 శాతం. నెలనెలా కలిపినా బ్యాంకు కంటే 574 రూపాయలు తక్కువ.

బాబాయి కాగితం తన వైపు తిప్పుకుని మళ్లీ మొత్తం కూడాడు. తర్వాత, "పోనీ రోజూ కలిపితే?" అన్నాడు. మంచి ప్రశ్న. 7.4 శాతాన్ని 365 భాగాలు చేసి ప్రతి రాత్రీ వడ్డీని అసలులో కలిపినా ఏడాదికి వచ్చేది 76,799. అప్పటికీ మూడు నెలలకోసారి కలిపే ఏడున్నర శాతమే 337 రూపాయలు ఎక్కువ ఇస్తుంది.

డిపాజిట్ల విషయంలో నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. ఎన్నిసార్లు కలుపుతారన్న దానికి జనం ఇచ్చే విలువ, దానికి నిజంగా ఉన్న విలువ కంటే చాలా ఎక్కువ. ఏడెనిమిది శాతం దగ్గర రేటులో పదో వంతు శాతం తేడా ఉందంటే, నెలనెలా, రోజూ అన్న మాటలు ఆ తేడాను పూడ్చలేవు. అదే పద్ధతి అప్పుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ మారిపోతుంది. కానీ ముందు ఇది ఎందుకిలా అవుతుందో చూడాలి.

లెక్క సులువుగా ఉండటానికి లక్ష రూపాయలు, 7 శాతం తీసుకుందాం. ఏడాదికి ఒక్కసారే వడ్డీ వేస్తే 7,000. ఆరు నెలలకోసారి కలిపితే 7,122. మూడు నెలలకోసారి అయితే 7,186. నెలనెలా అయితే 7,229. రోజూ అయితే 7,250. గంటగంటకీ, నిమిషనిమిషానికీ, చివరికి క్షణం కూడా ఆగకుండా కలుపుతూ పోయినా 7,251 దాటదు. దాన్ని మించి ఒక్క రూపాయి కూడా రాదు. ఇలా కలపడాన్ని ఎంత తరచు చేసినా ఒక హద్దు దగ్గర ఆగిపోతుందని 1683లో జేకబ్ బెర్నూలీ అనే గణితవేత్త గమనించాడు. లెక్కల పుస్తకాల్లో e అని కనిపించే 2.718 అనే సంఖ్య ఈ వడ్డీ ప్రశ్నలోంచే బయటపడింది.

ఆ 251 రూపాయలను ఒక పాత్రలోని నీళ్లనుకోండి. వడ్డీ మీద వచ్చే వడ్డీ మొత్తం ఆ పాత్రలో ఉన్నంతే. ఆరు నెలలకోసారి కలిపేవాడు అందులో దాదాపు సగం తోడేస్తాడు. మూడు నెలలకోసారి కలిపేవాడు దాదాపు ముప్పావు. నెలనెలా కలిపేవాడు పన్నెండింట పదకొండు వంతులు. రోజూ కలిపేవాడికి దాదాపు మొత్తం దక్కుతుంది. అంటే మన బ్యాంకులు ఫిక్స్‌డ్ డిపాజిట్లకు మామూలుగా వాడే మూడు నెలల పద్ధతే ఆ పాత్రలో నాలుగింట మూడు వంతులు ఇచ్చేసింది. మిగిలినదాని కోసం పోటీ పడితే నెలవారీ పద్ధతిలో ఇంకో 43 రూపాయలు, రోజువారీలో ఆపైన ఇంకో 21 రూపాయలు. లక్షకు, ఏడాదికి!

ఆ పాత్ర ఎంత పెద్దదో తెలుసుకోవడానికి ఒక చేతిలెక్క ఉంది. రేటును దాంతోనే గుణించి సగం చేయండి. 7 శాతమైతే 49లో సగం, 24.5. దానికి పది రెట్లు, అంటే 245 రూపాయలు, లక్షకు సుమారుగా ఆ పాత్ర కొలత. మూడు శాతమైతే తొమ్మిదిలో సగం నాలుగున్నర, అంటే లక్షకు 45 రూపాయలే. రేటు రెట్టింపైతే పాత్ర నాలుగింతలవుతుంది. చిన్న రేట్ల దగ్గర ఎన్నిసార్లు కలుపుతారన్నది పట్టించుకోనక్కర్లేదనడానికీ, పెద్ద రేట్ల దగ్గర అదే కొంప ముంచుతుందనడానికీ కారణం ఈ గుణకారమే. రేటు బాగా పెద్దదైతే ఈ చేతిలెక్క అసలు సంగతి కంటే కొంచెం తక్కువ చూపిస్తుంది, అది గుర్తుంచుకోవాలి.

కచ్చితమైన అంకె కావాలంటే ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా ఒక్క వరుస చాలు. మొదటిది ఏడాది రేటు, రెండోది ఏడాదికి ఎన్నిసార్లు కలుపుతారన్నది.

```
=EFFECT(7.5%, 4)      0.0771
=EFFECT(7.4%, 12)     0.0766
```

స్ప్రెడ్‌షీట్ లేకపోతే ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌తోనూ అవుతుంది. రేటును ఎన్నిసార్లు కలుపుతారో ఆ సంఖ్యతో భాగించి, వందతో భాగించి, ఒకటి కలిపి, అన్నిసార్లు దాన్ని దాంతోనే గుణించాలి. 7.5కి అయితే 1.01875ను నాలుగుసార్లు వేసి గుణిస్తే 1.0771 వస్తుంది. అందులో ఒకటి తీసేస్తే మిగిలిందే చేతికొచ్చే రేటు.

కౌంటర్ దగ్గర నాకు ఎక్కువగా ఎదురైన తగాదా మాత్రం నెలనెలా వడ్డీ చేతికి తీసుకునేవాళ్లది. లక్ష రూపాయలు 7 శాతానికి వేసి, వడ్డీ నెలనెలా సేవింగ్స్ ఖాతాలో పడాలని రాసిస్తారు. వాళ్ల లెక్క ప్రకారం ఏడు వేలను పన్నెండుతో భాగిస్తే 583 రూపాయల 33 పైసలు. ఖాతాలో పడేది 580. "నెలకు మూడు రూపాయలు ఎటు పోతున్నాయి సార్?" అని ఒక పెద్దాయన పాస్‌బుక్ పట్టుకుని గట్టిగానే అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

సంగతేమిటంటే, బ్యాంకు తన రేటును మూడు నెలలకోసారి ఇచ్చే వడ్డీగా ప్రకటించింది. అంటే లక్షకు మూడు నెలల చివర 1,750 ఇస్తానంది. మీరు అది ఆగకుండా ముందే, నెలనెలా కావాలన్నారు. ముందే ఇస్తున్నందుకు బ్యాంకు దాన్ని కొంచెం తగ్గించి ఇస్తుంది. 580 చొప్పున మూడు నెలలకు 1,740. ఆ తేడా పది రూపాయలు ఎక్కడికీ పోలేదు. మొదటి నెల 580ని మీరు అదే రేటుకి రెండు నెలలు, రెండో నెల 580ని ఒక నెల ఎక్కడైనా వేసుకోగలిగితే, దాని మీద వచ్చే వడ్డీ సరిగ్గా ఆ పది రూపాయలవుతుంది. అప్పుడు రెండు దారుల్లోనూ ఏడాదికి చేతికొచ్చే రేటు ఒక్కటే, 7.19 శాతం. ఆ పెద్దాయనకు ఇదంతా చెబితే చివరికి ఒప్పుకున్నారు గానీ, "ఈ మాట ఫారం మీద రాయొచ్చు కదా" అన్నారు. అక్కడ నేను ఆయన పక్షమే. నెలవారీ వడ్డీ తగ్గించి ఇస్తారన్న మాట దరఖాస్తు వెనక చిన్న అక్షరాల్లో కాదు, రేటు పక్కనే ఉండాలి.

పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీములో ఈ తగ్గింపు లేదు. అక్కడ రేటునే నెలవారీగా ప్రకటిస్తారు కాబట్టి 7.4 శాతానికి లక్ష మీద నెలకు 616 రూపాయల పైచిలుకు, సూటిగా పన్నెండో వంతు ఇస్తారు. అంటే బ్యాంకు నెలవారీ 7.4కీ పోస్టాఫీసు నెలవారీ 7.4కీ మధ్య తేడా ఉంది. బోర్డు మీద అంకె మాత్రం ఒక్కటే.

పోస్టాఫీసు పేరు వచ్చింది కాబట్టి అక్కడి రెండు పథకాలను పక్కపక్కన పెట్టి చూడమంటాను. ఈ విషయం అర్థం కావడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2023 ఏప్రిల్‌లో ఐదేళ్ల టైమ్ డిపాజిట్ రేటు 7.5 శాతం చేశారు, నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్ రేటు 7.7 శాతం చేశారు. చూడగానే ఎన్‌ఎస్‌సీ 0.2 శాతం ఎక్కువ ఇస్తున్నట్టుంటుంది. కానీ టైమ్ డిపాజిట్‌కు లెక్క మూడు నెలలకోసారి కడతారు, ఎన్‌ఎస్‌సీకి ఏడాదికోసారి. పదివేలు టైమ్ డిపాజిట్ చేస్తే ఏడాదికి 771 రూపాయలు, ఎన్‌ఎస్‌సీ అయితే 770. రేటు తక్కువున్నదే ఒక రూపాయి ఎక్కువ ఇచ్చింది.

అలాగని టైమ్ డిపాజిటే మేలని అనేస్తే తొందరపడ్డట్టే. టైమ్ డిపాజిట్‌లో లెక్క మూడు నెలలకోసారి కట్టినా వడ్డీని ఏడాది చివర మీకు ఇచ్చేస్తారు. రెండో ఏడాది మళ్లీ పదివేల మీదే మొదలు. ఇచ్చిన ఆ 771ని మీరు తీసుకోకపోతే దాని మీద ఇంకో వడ్డీ రాదు. ఎన్‌ఎస్‌సీలో వడ్డీ మీ చేతికి రాదు, లోపలే కలుస్తూ పోతుంది. ఐదేళ్లకు పదివేలు 14,490 అవుతుంది. టైమ్ డిపాజిట్‌లో ఏటా వచ్చిన 771ని అలాగే బీరువాలో పెట్టుకుంటే ఐదేళ్లకు 13,855. తేడా 635 రూపాయలు. ఏటా వచ్చిన వడ్డీని మళ్లీ అదే రాబడి వచ్చేచోట వేసేవాళ్లకు రెండూ సమానమే, వేయనివాళ్లకు ఎన్‌ఎస్‌సీ మెరుగు, ఆ డబ్బు ఇంటి ఖర్చుకు కావాల్సినవాళ్లకు టైమ్ డిపాజిట్ నప్పుతుంది.

చేతికొచ్చే రేటు అనే అంకె వెనక ఒక షరతు ఉందని ఇక్కడే తెలుస్తుంది. వచ్చిన వడ్డీ మళ్లీ అదే రేటుకు పనిచేస్తుందన్నది ఆ షరతు. వడ్డీని చేతికి తీసుకుని ఖర్చు పెట్టుకునేవాళ్లకు 7.71 అన్నది కాగితం మీది మాటే. మధ్యలో పన్ను కోసేసినా అంతే. ఏడాది వడ్డీ పరిమితి దాటితే బ్యాంకు పది శాతం టీడీఎస్ పట్టుకుంటుంది. ఆ పట్టుకున్న సొమ్ము ఇక అసలులో ఉండదు కాబట్టి దాని మీద వడ్డీ కూడా రాదు. డిపాజిట్ రసీదు మీద అచ్చేసిన మెచ్యూరిటీ మొత్తం కంటే చివర్లో తక్కువ పడిందని వచ్చేవాళ్లలో చాలామంది సంగతి ఇదే.

రోజువారీ అన్న మాట చుట్టూ ఇంకో గందరగోళం ఉంది. సేవింగ్స్ ఖాతాకు వడ్డీ రోజువారీగా లెక్కిస్తారని అందరికీ తెలుసు. 2010 ఏప్రిల్ 1 నుంచి రిజర్వు బ్యాంకు ఆ పద్ధతి తెచ్చింది. అంతకుముందు నెలలో పదో తేదీ నుంచి ఆఖరి తేదీ వరకు ఖాతాలో ఉన్న కనీస నిల్వ మీదే వడ్డీ వచ్చేది. ఇరవయ్యో తేదీన డబ్బు తీసి మర్నాడే తిరిగి వేసినా ఆ నెల వడ్డీ పోయేది. అందువల్ల రోజువారీ లెక్క నిజంగా పెద్ద మేలే. కానీ రోజూ లెక్క కట్టడం వేరు, రోజూ అసలులో కలపడం వేరు. ప్రతి రాత్రీ నిల్వ చూసి ఆ రోజు వడ్డీ ఎంతో రాసిపెట్టుకుంటారు. ఆ రాసిపెట్టుకున్న మొత్తాన్ని చాలా బ్యాంకులు మూడు నెలలకోసారే ఖాతాలో వేస్తాయి. అప్పటిదాకా దాని మీద వడ్డీ పుట్టదు. లక్ష రూపాయలు కదలకుండా ఉంటే 3 శాతం దగ్గర మూడు నెలల పద్ధతిలో ఏడాదికి 3,034 వస్తుంది. నిజంగానే రోజూ కలిపితే 3,045. తేడా పదకొండు రూపాయలు. దీన్నొక పెద్ద ప్రత్యేకతగా చూపించి ఎవరైనా ఖాతా తెరవమంటే ఆ పదకొండు రూపాయలు గుర్తు చేసుకోండి. మూడు శాతమా, మూడున్నరా అన్నదే అక్కడ అడగాల్సింది. ఆ అరశాతం లక్షకు ఐదు వందలు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చిన్న మొత్తాల సంగతి. డిపాజిట్లలో నాకు నిజంగా కోపం తెప్పించేది ఇంకోటుంది. కొన్ని ప్రకటనల్లో, రేట్ల పట్టికల్లో వడ్డీ రేటు పక్కన రాబడి అని ఇంకో గడి ఉంటుంది. 7 శాతం ఎదురుగా ఐదేళ్లకు 8.30 అని రాసి ఉంటుంది. పదేళ్లకు 10.02 అని కూడా రాయొచ్చు. చూసినవాళ్లు ఎక్కువ కాలం వేస్తే ఎక్కువ రేటు ఇస్తున్నారనుకుంటారు.

ఆ అంకె ఎలా వచ్చిందో విప్పి చూడండి. లక్షను 7 శాతానికి, మూడు నెలలకోసారి కలుపుతూ ఐదేళ్లు ఉంచితే 1,41,478 అవుతుంది. వడ్డీ 41,478. దాన్ని ఐదుతో భాగిస్తే 8,296. అందుకని ఏడాదికి 8.30 శాతం అంటారు. కూడిక, భాగహారం రెండూ సరైనవే. కానీ ఐదేళ్లలో వడ్డీ మీద వడ్డీ పేరుకుని వచ్చిన మొత్తాన్ని బారువడ్డీలాగా సంవత్సరాలకు సమానంగా పంచేశారు. మొదటి ఏడాది చివర వెళ్లి అడిగితే మీ ఖాతాలో ఉండేది 7,186 రూపాయల వడ్డీయే, 8,296 కాదు. ఐదేళ్లలో ఏ ఏడాది చూసినా ఆ ఏడాది మొదట్లో ఉన్న డబ్బు మీద పెరిగింది 7.19 శాతమే. కాలం పెరిగేకొద్దీ ఈ అంకె ఊరికే ఉబ్బుతుంది, రేటు అదే అయినా సరే.

దీనివల్ల జరిగే నష్టం ఊహాగానం కాదు. ఐదేళ్లకు 8.30 అని రాసినచోటూ, పక్క బ్యాంకులో 7.25 శాతం అని మాత్రమే రాసినచోటూ చూసిన మనిషి మొదటిదాన్నే ఎంచుకుంటాడు. రెండోది మూడు నెలలకోసారి కలిపితే ఏడాదికి 7.45 శాతం ఇస్తుంది, మొదటిది 7.19. అబద్ధం ఒక్కటీ చెప్పకుండానే తక్కువ ఇచ్చేవాడు ఎక్కువ ఇస్తున్నట్టు కనిపించాడు. దీన్ని పట్టుకోవడం కష్టమేం కాదు. ఒకే రేటుకు కాలం మారినప్పుడల్లా రాబడి అంకె మారుతోందంటే అది భాగహారం చేసిన అంకె. నిజమైన వార్షిక రాబడి ఏడాదికైనా పదేళ్లకైనా, రేటూ కలిపే పద్ధతీ మారనంతవరకూ ఒక్కటే ఉంటుంది.

ఇక అప్పుల వైపు. ఇక్కడ రేట్లు పెద్దవి కాబట్టి పాత్ర కూడా పెద్దది.

క్రెడిట్ కార్డు బిల్లు వెనక నెలకు 3.5 శాతం, ఏడాదికి 42 శాతం అని రాసి ఉండటం చాలామంది చూసే ఉంటారు. 42 అన్నది 3.5ను పన్నెండుతో గుణించి రాసింది. బాకీ కట్టకుండా వదిలేస్తే ప్రతి నెల వడ్డీ మరుసటి నెల బాకీలో భాగమవుతుంది. 1.035ను పన్నెండుసార్లు గుణించండి, 1.511 వస్తుంది. లక్ష బాకీ ఏడాదికి 1,51,107. చేతిలోంచి పోయే రేటు 51 శాతం, ఆలస్య రుసుములూ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ వేరే. ఏ నెల వడ్డీ ఆ నెల కట్టేసేవాళ్లకు పోయేది 42 వేలే, నిజమే. కానీ వాళ్లు ఆ డబ్బు ఏడాది చివర కాకుండా నెలనెలా ముందే వదులుకుంటున్నారు. డిపాజిట్ దగ్గర మనం చెప్పుకున్న షరతే ఇది, తలకిందులుగా.

డిపాజిట్ దగ్గర 7కీ 7.19కీ మధ్య తేడా గురించి గంటసేపు ఆలోచించే మనుషులు ఇక్కడ 42కీ 51కీ మధ్య ఉన్న తొమ్మిది శాతాన్ని చూడరు. వాళ్లను తప్పు పట్టలేం. 51 అన్న అంకె ఆ కాగితం మీద లేదు.

ఊళ్లలో నోటు మీద తీసుకునే అప్పుల్లో ఇది ఇంకా విచిత్రంగా ఉంటుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మన అందరికీ తెలిసిందే, నెలకు నూటికి రెండు, ఏడాదికి 24. కానీ ఈ ఒక్క మాట కింద వేరువేరు రేట్లు దాక్కుని ఉంటాయి. లక్ష తీసుకున్నవాడు నెలనెలా రెండు వేలు కట్టేస్తుంటే, ఇచ్చినవాడు ఆ రెండు వేలను మళ్లీ రెండు రూపాయలకే తిప్పగలడు. అతని చేతికొచ్చే రేటు 26.8 శాతం. ఏడాదికోసారి వడ్డీ తీసుకునేవాడికి సరిగ్గా 24.

ఏమీ కట్టకుండా మూడేళ్లు గడిచాయనుకోండి. ప్రాంసరీ నోటుకు చట్టప్రకారం గడువు మూడేళ్లు. మధ్యలో ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయించుకుంటే ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. లేదంటే గడువు దాటకముందే నోటు తిరగరాస్తారు. వడ్డీ 72 వేలు అసలులో కలిపి 1,72,000కి కొత్త నోటు. అంటే ఇది మూడేళ్లకోసారి కలిపే చక్రవడ్డీ. ఆ మూడేళ్లలో లెక్క చూస్తే ఇచ్చినవాడికి ఏడాదికి పడేది 19.8 శాతమే, చెప్పిన 24 కంటే తక్కువ. బారువడ్డీ ఏళ్ల తరబడి సాగితే చేతికొచ్చే రేటు పడిపోతుంది. ప్రకటనల్లో చూసిన భాగహారం గారడీకి ఇది సరిగ్గా రెండో వైపు.

తిరగరాసిన నోటు ఇంకో మూడేళ్లు నడిస్తే లక్ష 2,95,840 అవుతుంది. నోటు తిరగరాయకుండా బారువడ్డీయే అయితే ఆరేళ్లకు 2,44,000. ఏడాదికోసారి కలిపితే 3,63,522. నెలనెలా కలిపితే 4,16,114. నాలుగింటికీ పేరు రెండు రూపాయల వడ్డీయే. తక్కువకూ ఎక్కువకూ మధ్య లక్షా డెబ్బై వేలకు పైగా తేడా, అంటే తీసుకున్న అసలు కంటే ఎక్కువ! నోటు రాసేటప్పుడు రేటు గురించి బేరమాడతారు, రెండు రూపాయలను రూపాయిన్నర చేయమని బతిమాలుకుంటారు. వడ్డీ ఎప్పుడెప్పుడు అసలులో కలుస్తుందో అడిగి నోటులో రాయించుకునేవాళ్లను నేను అరుదుగా చూశాను. ఈ రేట్ల దగ్గర ఆ ఒక్క వాక్యం విలువ బేరమాడి తగ్గించుకున్న పావలా కంటే ఎక్కువ కావచ్చు.

అందుకే నేను కోరేది ఒకటే. పోస్టాఫీసు తన టైమ్ డిపాజిట్ పట్టికలో 7.5 శాతం పక్కనే పదివేలకు ఏడాదికి 771 అని రూపాయల్లో రాస్తోంది. చదవడం వచ్చిన ప్రతి మనిషికీ అది అర్థమవుతుంది. ప్రతి బ్యాంకు డిపాజిట్ బోర్డు మీదా లక్షకు ఏడాది చివర ఎంతవుతుందో అలాగే ఒక గడిలో రాయించడానికి కొత్త లెక్కలేమీ అక్కర్లేదు. కార్డు బిల్లులో 42 పక్కన లక్ష బాకీ ఏడాదికి 1,51,107 అని వేయడానికీ అక్కర్లేదు. వాళ్లు రాసేదాకా మనమే అడగాలి. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి కంప్యూటర్‌లో ఏడాది కాలం, లక్ష రూపాయలు కొడితే మెచ్యూరిటీ మొత్తం తెర మీద కనిపిస్తుంది. చూసి చెప్పడానికి అర నిమిషం పట్టదు. బాబాయి రెండో సంస్థకు ఫోన్ చేసి పది లక్షలకు ఏడాది చివర ఎంతిస్తారని అడిగితే, అవతలి మనిషి కాసేపు ఆగి 10,76,562 అన్నాడు. బాబాయి మర్నాడు బ్యాంకులో వేసేశాడు.